సే అనాలా, ఇల్ ఏ అనాలా

ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు తొలి వారాల్లోనే తప్పు రాసే వాక్యం ఒకటుంది. ‘ఆయన డాక్టరు’ అన్నదే ఆ వాక్యం. తెలుగులో రెండు మాటలతో అయిపోయే ఈ వాక్యాన్ని ఫ్రెంచిలో రెండు రకాలుగా చెప్పవచ్చు: ‘ఇల్ ఏ మెద్సాఁ’, ‘సే తాఁ మెద్సాఁ’. రెండూ సరైనవే. తప్పల్లా ఈ రెంటినీ కలిపి ‘ఇల్ ఏ ఆఁ మెద్సాఁ’ అని రాయడం. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా ఫ్రెంచి చెప్పే టీచర్లు ఎర్ర సిరాతో కొట్టేసే వాక్యాల్లో ఇది తప్పకుండా ఉంటుంది.

ముందు ఈ మాటల సంగతి చూద్దాం. ‘ఇల్’ అంటే అతను, ‘ఎల్’ అంటే ఆమె. ‘ఏ’ అన్నది ‘ఉండు’ అనే క్రియకు ఒక రూపం. ‘సే’ అనేది నిజానికి రెండు మాటల కలయిక. ఇది, అది, ఈయన, ఆవిడ అని చూపించే ‘సె’ అనే చిన్న మాట ఈ ‘ఏ’తో కలిసి ‘సే’ అయింది. ‘ఆఁ’, ‘యూన్’ అంటే ఒక. మొదటిది పుంలింగానికి, రెండోది స్త్రీలింగానికి. ‘సే’ తర్వాత ఇవి వస్తే మధ్యలో తకారం పలుకుతుంది కాబట్టి ‘సే తాఁ’, ‘సే త్యూన్’ అవుతాయి. ఫ్రెంచి ముక్కు పలుకుల్ని తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు పట్టుకోలేం. ఇక్కడ రాసినవన్నీ ఉజ్జాయింపు ఉచ్చారణలే.

తెలుగువాళ్లు ‘ఇల్ ఏ’ తర్వాత ‘ఆఁ’ ఎందుకు పెడతారు? తెలుగు వల్ల మాత్రం కాదు. మనం ‘ఆయన డాక్టరు’ అంటాం, ‘ఆవిడ టీచరు’ అంటాం. ‘ఆయన ఒక డాక్టరు’ అని మామూలుగా అనం. అలా అంటే ఏదో కథ మొదలుపెడుతున్నట్టు ఉంటుంది. మనలో చాలామంది ఫ్రెంచిని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. ఇంగ్లీషులో వృత్తి పేరు ముందు ‘ఎ’ లేకపోతే వాక్యం నిలవదు. బళ్లో ఏళ్ల తరబడి దిద్దించుకున్న ఆ అలవాటే ఫ్రెంచిలోకీ వచ్చేస్తుంది. ఇంగ్లీషును పక్కనపెట్టి తెలుగు వాక్యాన్నే నేరుగా ఫ్రెంచిలో పెడితే ‘ఇల్ ఏ మెద్సాఁ’ అని సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్కచోట మన మాతృభాష మనకు ఇంగ్లీషుకన్నా మంచి దారి చూపిస్తుంది.

ఫ్రెంచిలో వృత్తి పేరు నామవాచకమే. అయినా ‘ఇల్ ఏ’ తర్వాత వచ్చినప్పుడు అది విశేషణంలా నడుచుకుంటుంది. పొడుగు, పొట్టి, తెలుపు, నలుపు లాంటి మాటలు మనిషికి ఉన్న లక్షణాన్ని చెప్పినట్టే, ‘మెద్సాఁ’ అన్న మాట కూడా అక్కడ అతనికున్న ఒక లక్షణాన్ని చెబుతుంది. లక్షణాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టం కదా, అందుకే ‘ఒక’ పడదు. వృత్తులతో పాటు జాతీయతలకు, మతాలకు, విద్యార్థి, వితంతువు లాంటి సామాజిక స్థితులకు కూడా ఇదే పద్ధతి.

అన్ని నామవాచకాలూ ఇలా ఒదగవు. ‘పొరుగాయన’ అన్న మాట వృత్తీ కాదు, జాతీయతా కాదు. దానికి ‘సే తాఁ వ్వాజాఁ’ అనాల్సిందే. స్నేహితుడు, మనిషి, కుర్రవాడు లాంటివీ అంతే. ఇక వస్తువుల పేర్లకైతే సందేహమే లేదు. బల్లను చూపించి ఇది బల్ల అనాలంటే ‘సే త్యూన్ తాబ్ల్’ తప్ప వేరే దారి లేదు. బల్ల స్త్రీలింగం కదా అని ‘ఎల్ ఏ’తో మొదలుపెడితే వాక్యం కుదరదు.

‘సే’ పని వేరు. అది వేలు పెట్టి చూపిస్తుంది. ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘ఇదిగో ఇది’ అని అర్థమిచ్చే ‘ఎక్కె హోక్’ అన్న జంట పదాలు అరిగి అరిగి ‘సె’ అయ్యాయి. పుట్టుకలో ఉన్న ఆ చూపించే గుణం ఇప్పటికీ పోలేదు. తలుపు తట్టిన మనిషి ‘నేనే’ అనడానికి ఫ్రెంచిలో ‘సే మ్వా’ అంటాడు. వేలు మొదట తలుపవతల ఉన్న మనిషి వైపు తిరుగుతుంది, ఆ తర్వాతే ఆ మనిషి ఎవరో చెబుతుంది. పాత ఫ్రెంచిలో ఇక్కడ క్రియ ‘నేను’ అన్న మాటకు తగ్గట్టు మారేది. తర్వాత్తర్వాత ‘సే’ అన్న రూపమే స్థిరపడింది.

కాబట్టి వాక్యం రాసే ముందు, అది ఏ ప్రశ్నకు జవాబో చూసుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది. ‘ఎవరాయన?’ అన్న ప్రశ్నకు జవాబైతే ‘సే’. ‘ఆయనేం చేస్తుంటారు? ఎలాంటివారు? ఎక్కడివారు?’ అన్న ప్రశ్నలకు జవాబైతే ‘ఇల్ ఏ’. ఎదుటివాళ్లకు పరిచయం లేని మనిషిని ‘సే’తో ముందుకు తెస్తాం. పరిచయం అయిపోయాక అతని గురించి చెప్పేదంతా ‘ఇల్ ఏ’తో సాగుతుంది.

దీన్ని ఒక ఊహా సన్నివేశంలో చూద్దాం. చదువు కోసం లియోఁ నగరానికి వెళ్లిన ఒక తెలుగమ్మాయి అద్దె గదిలో ఉంటోంది. ఇంటావిడ ఒక సాయంత్రం టీకి పిలిచి గోడ మీదున్న ఫోటో చూపిస్తుంది. అందులో ఒక యువకుడు, అతని పక్కన ఒక యువతి ఉన్నారు. ఇంటావిడ మొదటి మాట, ‘సే మోఁ ఫిస్’. మా అబ్బాయి అని. ఇక్కడ ‘ఇల్ ఏ’తో మొదలుపెడితే, ఫోటోలో ఎవరిని చూపిస్తోందో తెలియకముందే ‘అతను’ అన్నట్టు అవుతుంది. కాబట్టి ‘సే’యే రావాలి.

అబ్బాయి ఎవరో తెలిసిపోయింది. తర్వాతి మాట, ‘ఇల్ ఏ బులాఁజే’. రొట్టెలు చేసి అమ్మే పని అతనిది. ‘ఒక’ లేదు, వృత్తి పేరొక్కటే ఉంది. ఆ వెంటనే తల్లికి కొడుకును మెచ్చుకోవాలనిపించింది. ‘సే తాఁ బోఁ బులాఁజే’ అంది. మంచి పనిమంతుడని. మనిషి అతనే, వృత్తి అదే. మధ్యలో ‘మంచి’ అన్న ఒక్క మాట చేరేసరికి ‘ఇల్ ఏ’ తప్పుకుని ‘సే’ వచ్చింది, పోయిన ‘ఒక’ తిరిగి వచ్చింది.

ఈ మార్పును ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. వృత్తి పేరుకు ‘మంచి’ అని తగిలించగానే అది ఉత్త లక్షణంగా మిగలదు. రొట్టెలు చేసేవాళ్లలో ఒక రకం మనిషి అని, లెక్కపెట్టదగ్గ మనిషిగా మారుతుంది. అప్పుడు దానికి ‘ఆఁ’ కావాలి. వృత్తి పేరు ‘ఆఁ’తో వస్తే ముందు ‘ఇల్’ నిలవదు, ‘సె’ రావాల్సిందే. అయితే ఏ మాట చేరినా ఇలాగే జరుగుతుందనుకుంటే మళ్లీ పొరపాటే. ‘ఇల్ ఏ మెద్సాఁ జెనెరాలిస్త్’ అనవచ్చు. అతను జనరల్ ప్రాక్టీసు చేసే డాక్టరని అర్థం. ‘ఇల్ ఏ ప్రొఫెస్యోర్ ద్ ఫ్రాఁసే’ అంటే ఫ్రెంచి మాస్టారు. ‘ఇల్ ఏ షోఫ్యోర్ ద్ తక్సీ’ అంటే టాక్సీ డ్రైవరు. వీటిలో కూడా అదనపు మాట ఉంది కదా, మరి ‘ఆఁ’ ఎందుకు రాలేదు? ఈ మాటలు ఆ పని ఏమిటో చెబుతున్నాయి కానీ, చేసేవాణ్ని బేరీజు వేయడం లేదు. టాక్సీ డ్రైవరనేది మొత్తంగా ఒకే వృత్తి పేరు. ‘గొప్ప డ్రైవరు’ అన్నది చెప్పేవాళ్ల అభిప్రాయం. అభిప్రాయం వచ్చిందంటే ‘సే’ వస్తుంది. ‘ఇల్ ఏ బోఁ ఎలెవ్’ లాంటి కొన్ని వాడుకలు ఈ గీత దాటతాయి. చదువులో చురుకైన పిల్లాడని దాని అర్థం. అలాంటివి విని నేర్చుకోవాల్సిందే.

మళ్లీ ఫోటో దగ్గరికి వద్దాం. యువతిని చూపించి ఇంటావిడ ‘సే మా బెల్ ఫీయ్’ అంది. మా కోడలు అని. ‘ఎల్ ఏ ఇతాల్యెన్’ అని చేర్చింది, ఇటలీ అమ్మాయి అని. ఆ తర్వాత ‘సే త్యూన్ ఇతాల్యెన్ ద్ త్యూరాఁ’ అంది, ట్యూరిన్ నుంచి వచ్చిన ఇటలీ అమ్మాయి అని. మొదటి వాక్యంలో ఇతాల్యెన్ విశేషణం, కోడలికున్న ఒక లక్షణం. రెండో వాక్యంలో అది నామవాచకం, ఒక మనిషి. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కాగితం మీద మాత్రం తేడా కనిపిస్తుంది. ఫ్రెంచిలో జాతీయత విశేషణమైతే చిన్న అక్షరంతో, మనిషిని సూచించే నామవాచకమైతే పెద్ద అక్షరంతో మొదలవుతుంది. ‘ఇల్ ఏ ఫ్రాఁసే’లో ఫ్రాఁసే మొదటి అక్షరం చిన్నది, ‘సే తాఁ ఫ్రాఁసే’లో పెద్దది. ఇంగ్లీషులో రెండు చోట్లా పెద్ద అక్షరమే కాబట్టి మనవాళ్లు ఇక్కడ కూడా తడబడతారు. మతాలకు ఈ నియమం లేదు. ‘ఇల్ ఏ ఆఁదూ’ అన్నా, ‘సే తాఁ ఆఁదూ’ అన్నా హిందువు అన్న మాట చిన్న అక్షరంతోనే రాస్తారు. పెద్ద అక్షరం దేశాలకు, ప్రాంతాలకు చెందిన మనుషులకే.

ఇంటావిడ కోడలిని మెచ్చుకుంటూ ‘ఎల్ ఏ జాఁతీయ్’ అంది. మంచి మనసున్న పిల్ల అని. అంటూనే అతిథి ముందు ఒక ప్లేటు పెట్టింది. అందులో ఆపిల్ తార్త్ ముక్క ఉంది. అమ్మాయి మొహమాటంగా ‘సే జాఁతీ, మదామ్’ అంటుంది. ఒకే విశేషణం, రెండు సంగతులు. ‘ఎల్ ఏ జాఁతీయ్’ అంటే మనిషి మంచిదని. ‘సే జాఁతీ’ అంటే మీరు చేసిన ఈ పని మంచిదని, మన మాటల్లో ‘ఎందుకండీ మీకు శ్రమ’ అన్నంత మర్యాద. అమ్మాయి పొరపాటున కోడలి గురించి ‘సే జాఁతీ’ అని ఉంటే ఇంటావిడ అయోమయంలో పడేది, ఏ పని గురించి మాట్లాడుతోందోనని. అలాగే ‘ఇల్ ఏ ఆఁతెలిజాఁ’ అంటే అతను తెలివైనవాడు. ‘సే తాఁతెలిజాఁ’ అంటే ఆ ఆలోచన, ఆ ఏర్పాటు తెలివైనదని. మనిషి గుణం చెప్పేటప్పుడు వట్టి విశేషణం ముందు ‘సే’ పెట్టకూడదు. ఈ తప్పు కూడా మనవాళ్లు తరచుగా చేస్తారు, ‘సే’ వాడితే ఎక్కడైనా చెల్లుతుందనుకుని.

అమ్మాయి తార్త్ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఇప్పుడు ఏమనాలి? ‘సే బోఁ’ అన్నా సరే, ‘ఎల్ ఏ బొన్’ అన్నా సరే. తార్త్ స్త్రీలింగం కాబట్టి రెండో వాక్యంలో బోఁ బొన్‌గా మారింది. మొదటిది నోట్లో రుచి తగలగానే వచ్చే మాట. అబ్బ, బాగుంది అన్నట్టు. రెండోది ప్రత్యేకంగా ఈ తార్త్ గురించి, మీరు ఇవాళ చేసిన దీని గురించి చెప్పేది.

వస్తువుల దగ్గర ‘సే’కు మరో పని కూడా ఉంది. ‘లా మెర్, సే బో’ అంటారు ఫ్రెంచివాళ్లు. సముద్రం అందంగా ఉంటుందని. మెర్ స్త్రీలింగం, కాబట్టి బెల్ రావాలి. కానీ ఇక్కడ బో అన్న పుంలింగ రూపమే ఉంది. ఎందుకంటే ఈ వాక్యం ఏ ఒక్క సముద్రం గురించీ కాదు, సముద్రమనే దాని గురించి. ‘సే’ తర్వాత వచ్చే విశేషణం లింగాన్ని పట్టించుకోకుండా ఎప్పుడూ పుంలింగ ఏకవచనంలోనే ఉంటుంది. అదే తెల్లారి లేచి కిటికీ తెరిచి, ‘ఇవాళ సముద్రం బాగుంది’ అనాలనుకుంటే ‘ఎల్ ఏ బెల్’ అంటారు. ఈ ఉదయం, ఈ కిటికీలోంచి కనిపించే ఆ సముద్రమే. బహువచనంతోనూ ఇదే పద్ధతి. ‘లే క్రెప్, సే బోఁ’ అంటే క్రెప్‌లు రుచిగా ఉంటాయని, ఏవైనా సరే. ప్లేటులో ఉన్న క్రెప్‌ల గురించైతే ‘ఎల్ సోఁ బొన్’ అనాలి. ఉంటుందికీ ఉందికీ తెలుగులో ఉన్న తేడా తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది.

మాట్లాడేవాళ్లకు ఉపయోగపడే మరో విషయం. ‘నేను’, ‘నువ్వు’, ‘మీరు’ అన్నప్పుడు ఈ గొడవే రాదు. ‘జె స్వీ మెద్సాఁ’ అంటే నేను డాక్టర్ని. ‘జె స్వీ ఆఁ బోఁ మెద్సాఁ’ అంటే నేను మంచి డాక్టర్ని. ‘ఆఁ’ వచ్చినా ‘జె’ కదల్లేదు. ఎదురుగా ఉన్న మనిషిని, తనను తాను వేలు పెట్టి చూపించుకోనక్కర్లేదు కాబట్టి, అతను, ఆమె, అది, వాళ్లు అన్నచోట మాత్రమే ‘సే’ రంగంలోకి దిగుతుంది. ఆ నిషేధం కూడా ప్రధానంగా ‘ఆఁ’, ‘యూన్’ల మీదే. ‘ఈ పుస్తకం రాసింది ఆయనే’ లాంటి చోట నిర్దిష్టమైన ‘ల్’ వస్తే ‘సే’తో పాటు ‘ఇల్ ఏ’ కూడా వినిపిస్తుంది. నేర్చుకునే దశలో ‘సే’నే పట్టుకోవడం మంచిది.

రెండూ సరైనవే అయినచోట అర్థంలో తేడా ఉంటుందా అంటే, కొన్ని మాటల్లో గట్టిగానే ఉంటుంది. ‘ఇల్ ఏ క్లూన్’ అంటే అతను సర్కస్‌లో విదూషకుడు, అదే అతని జీతం. ‘సే తాఁ క్లూన్’ అంటే అదే అర్థం రావచ్చు, లేదా ఎప్పుడూ కోతి వేషాలు వేస్తాడని కూడా అనుకోవచ్చు. నటుడు అనే ‘కొమెద్యాఁ’ కూడా ఇంతే. ‘ఇల్ ఏ కొమెద్యాఁ’లో వృత్తి తప్ప మరేమీ లేదు. ‘సే తాఁ కొమెద్యాఁ’లో మాత్రం ఇంట్లోనూ నాటకాలాడే మనిషి దాక్కుని ఉండవచ్చు. అందుకే ఎవరినైనా వృత్తితో పరిచయం చేసేటప్పుడు ‘ఇల్ ఏ’ వాడటం నిరపాయం.

బహువచనంలో పుస్తకాల మాట ఒకటి, వీధిలో మాట ఒకటి. వాళ్లు డాక్టర్లు అనడానికి ‘ఇల్ సోఁ మెద్సాఁ’. పరిచయం చేస్తూ అనాలంటే ‘సె సోఁ దే మెద్సాఁ’. మాట్లాడేటప్పుడు ఫ్రెంచివాళ్లు చాలామంది రెండోదాన్ని ‘సే దే మెద్సాఁ’ అని తేల్చేస్తారు. రాతలో, పరీక్షలో మాత్రం ‘సె సోఁ’ రాయాలి.

ఆడవాళ్ల వృత్తుల దగ్గర ఈ రెండు రూపాల మధ్య తేడా ఫ్రెంచి సమాజంలోని ఒక పెద్ద వాదాన్ని కూడా తాకుతుంది. ‘ఎల్ ఏ మెద్సాఁ’ అన్నప్పుడు వాక్యంలో ‘ఒక’ లేదు కాబట్టి, మెద్సాఁ అన్న మాట పుంలింగమా స్త్రీలింగమా అన్న ప్రశ్న పైకి రాదు. ‘సే’ వాడగానే ‘తాఁ’ అనాలా, ‘త్యూన్’ అనాలా అని తేల్చుకోక తప్పదు. చాలాకాలం పాటు మహిళా డాక్టరు గురించి కూడా ‘సే తాఁ మెద్సాఁ’ అనడమే పద్ధతిగా ఉండేది. వృత్తి పేర్లకు స్త్రీలింగ రూపాలు వాడాలని కెనడాలోని కెబెక్ భాషా కార్యాలయం 1979లో సిఫారసు చేసింది. ఫ్రాన్సులో ప్రధానమంత్రి లోరాఁ ఫాబ్యూస్ 1986లో ఇదే విషయమై ప్రభుత్వ కార్యాలయాలకు సర్క్యులర్ పంపించారు. ఏళ్ల తరబడి ఒప్పుకోని ఫ్రెంచి అకాడమీ 2019 ఫిబ్రవరిలో తన పట్టు సడలించి ఈ రూపాలకు తలుపు తెరిచింది. ప్రొఫెస్యోర్ లాంటి మాటల్లో చివర ఒక అక్షరం చేరిస్తే రాతలో స్త్రీలింగం అయిపోతుంది. మెద్సాఁ దగ్గర అలా కుదరదు. దానికి చివర అక్షరం చేరిస్తే వచ్చే ‘మెద్సీన్’ అన్న మాటకు వైద్యశాస్త్రమని ఎప్పుడో అర్థం స్థిరపడిపోయింది. కాబట్టి మాటను మార్చకుండా ముందున్న ‘ఒక’నే మార్చి ‘సే త్యూన్ మెద్సాఁ’ అంటున్నవాళ్లు ఉన్నారు, పాత పద్ధతిలో ‘సే తాఁ మెద్సాఁ’ అంటున్నవాళ్లూ ఉన్నారు. ‘ఎల్ ఏ మెద్సాఁ’ అనేవాళ్లకు ఆ చిక్కే రాదు.